మొదటి సెకను గాలి

మా బావ మంచం కింద ఒక కొబ్బరి చిప్ప ఉండేది. అందులో సగం దాకా ఇసక, ఇసకలో గుచ్చిన సిగరెట్ పీకలు, వాటి మీద ఆయన ఉమ్మి. పొద్దున్నే మా అక్క పారబోసి కడిగేది. మధ్యాహ్నానికల్లా మళ్ళీ నిండేది. ఆ చిప్ప పక్కన కూర్చుని నేను ముప్ఫై ఏళ్ళు టీ తాగాను, పకోడీలు తిన్నాను, ఒక్కోసారి కాలు తగిలితే కాలితోనే పక్కకి నెట్టి మళ్ళీ పకోడీ అందుకున్నాను. దాన్ని చూసి నాకు మొదటిసారి అసహ్యం వేసింది, నేను సిగరెట్ మానేసిన తర్వాతే. అంతకు ముందు అది కంపని నాకు తెలియదు. నేనూ అదే కంపు కదా.

బావంటే మా పెద్దక్క మొగుడు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. పడలేదంటే, లెక్కలు నాకు పడలేదు, నేను ఆయనకి పడలేదు. బడి మానేసి వీధుల వెంట తిరుగుతుంటే బావ బందరులో తన బల్ల ముందు కూర్చోబెట్టుకుని రోల్డుగోల్డు పని నేర్పాడు. చెవి దుద్దులకీ జుంకీలకీ సన్న అతుకులు పెట్టడం మా పని. ముందు చిమ్నీ లేని కిరసనాయిలు దీపం, నోట్లో వంకర మూతి ఇత్తడి ఊదుగొట్టం. గొట్టంలోంచి ఊదితే దీపం మంట సూదిలాగా సాగి అతుకు మీద పడుతుంది, టంకం కరుగుతుంది. మంట ఒక్క క్షణం అటూ ఇటూ అయితే జుంకీ కాస్తా ముద్ద.

అందుకని ఊపిరి తెగకూడదు. మా పనివాళ్ళందరికీ ఒక కిటుకు ఉంటుంది. బుగ్గల నిండా గాలి నింపుకుని, బుగ్గలతో నొక్కి ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చుకోవాలి. అది వచ్చిన రోజున బావ నన్ను మనిషిని చేసినట్టు చూశాడు. "ఇప్పుడు పనోడివయ్యావురా బామ్మర్దీ" అని ఒక సిగరెట్ ఇచ్చాడు. దాన్ని ఆ దీపం మీదే ముట్టించాను. మీసాలింకా రాలేదు. ఇద్దరం పందెం వేసుకునేవాళ్ళం, ఎవరు ఎక్కువసేపు మంట కదలకుండా ఊదుతారని. బావే గెలిచేవాడు. గెలిచిన సంతోషానికి ఒకటి ముట్టించేవాడు. ఓడిన బాధకి నేనొకటి.

కళ్ళు సరిగా ఆనక బావ పని మానేసి, అక్కతో కలిసి అవనిగడ్డ దాటాక ఉన్న తన సొంతూరు వెళ్ళిపోయాడు. పని మానాడు గానీ సిగరెట్ మానలేదు. ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ స్నానానికి దొడ్లోకి వెళ్ళి రావడానికి రెండు సార్లు కూర్చుంటున్నాడురా. లుంగీ కట్టుకుంటే ఆయాసం. అన్నం తింటే ఆయాసం."

"నీ వంట అలాంటిదక్కా" అన్నాను.

అక్క నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

బందరులో డాక్టరుకి చూపిద్దామంటే బావ ఒప్పుకోలేదు. "ఛాతీ డాక్టరు గుమ్మంలో నన్ను చూస్తే క్షయ అంటారు. బజారంతా నా కంచం వేరే పెట్టమంటారు. గుడివాడ అయితే వస్తా" అన్నాడు. సరే, ఆయన చల్లపల్లి మీదుగా బస్సులో బందరు వచ్చాడు, అక్కణ్ణించి ఇద్దరం గుడివాడ వెళ్ళాం. బస్టాండు నించి ఆసుపత్రికి ఆటో ఎక్కబోయే ముందు కూడా ఒకటి తాగాడు. "లోపలికి వెళ్తే తాగనివ్వరు కదరా." నేను ఆయనకి తోడు తాగాను. తోడు రావడమంటే నాకు తెలిసింది అదే.

అక్కడ ముందు ఊదుడు పరీక్ష అన్నారు. ఆ మాట వినగానే బావ మొహం వెలిగిపోయింది. నా వైపు వంగి, "ఊదడంలో మనకి పరీక్షా?" అన్నాడు. యంత్రం దగ్గర ఒక అమ్మాయి కూర్చుంది. సన్నగా ఉంది గానీ గొంతు మాత్రం చేపల బజారుకి సరిపోతుంది.

"తాతగారూ, గుండెల నిండా గాలి తీసుకోండి. గొట్టం చుట్టూ పెదాలు బిగించండి. నేను ఊదమనగానే ఒక్కసారిగా, గట్టిగా, లోపలున్నదంతా ఖాళీ అయ్యేదాకా ఊదాలి" అని బావ ముక్కుకి ఒక క్లిప్పు పెట్టింది.

బావ క్లిప్పు పీకేశాడు. "ముక్కు మూసేస్తే ఎలా ఊదుతాం అమ్మా?"

"నోటితోనండీ."

"నోటితోనే ఊదుతా. ముక్కుతో పీల్చుకోవద్దూ?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను మా కిటుకు చెప్పాను. పాపం, ఎంతో మందిని ఊదించి ఉంటుంది, బుగ్గలు బోదురు కప్పలాగా పెట్టుకుని ముక్కు కావాలని పోట్లాడేవాణ్ణి చూసి ఉండదు. "బుగ్గలతో కాదు తాతగారూ, ఛాతీలోంచి రావాలి" అని మళ్ళీ క్లిప్పు పెట్టింది. బావ ఊదాడు. మెల్లగా, నిలకడగా, జుంకీ అతుకు పెడుతున్నట్టు. ఆ అమ్మాయి "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా" అని అరుస్తూనే ఉంది, బావ ఊదుతూనే ఉన్నాడు. మొహం నేరేడు పండయ్యింది. ఆపాక దగ్గు. ఆ దగ్గులోంచి వచ్చినదాన్ని జేబురుమాలులోకి తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"చూశావా, ఎంతసేపు ఊదానో" అన్నాడు రొప్పుతూ.

"అంతసేపు పట్టడమే జబ్బండీ" అంది ఆ అమ్మాయి.

తెరమీద గీత చూపించింది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళ గాలిలో చాలా భాగం మొదటి సెకనులోనే బయటికి తోసుకొచ్చేస్తుందట. గీత ఎక్కడో పైకి దూకి అక్కణ్ణించి చదునైపోతుంది. బావ గీత కాలవ గట్టెక్కే ముసలి గేదెలాగా మెల్లగా పాకుతూ పోయింది. మందు పీల్పించి, కాసేపాగి మళ్ళీ ఊదించింది. గేదె కొంచెం కదిలింది, అంతే.

నా నోరు ఊరుకోదు. "అమ్మా, నన్నూ ఒకసారి ఊదనివ్వు, మా బావకి ఎలా ఊదాలో చూపిస్తా" అన్నాను. మీరెన్నాళ్ళ నించి తాగుతున్నారంది. చెప్పాను. కొత్త గొట్టం తగిలించింది. డాక్టరమ్మని అడిగొచ్చి మరీ ఊదించింది. ఛాతీలోంచి, గట్టిగా, ఒక్కసారిగా. నా గీత దూకుతుందని చూశాను. గేదె కాదు గానీ దూడ. అదే గట్టు, అదే పాకుడు. మందు పీల్చాక కూడా అంతే.

బావ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "పనోడివయ్యావురా" అన్నాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. మేం చేసే పనేంటో అడిగి, మా పనితోనే చెప్పింది. మీ ఊదుగొట్టంలో మసి పేరుకుంటే ఏం చేస్తారంది. పుల్ల పెట్టి గీకుతామన్నాను. లోపలున్న గొట్టాలకి పుల్ల పెట్టలేం అంది. వాటి లోపలి గోడల మీద కంటికి కనపడని సన్న నూగు ఉంటుందట. అది అలలాగా కదులుతూ దుమ్మునీ కఫాన్నీ గొంతు వైపు ఊడ్చుకొస్తూ ఉంటుంది. పొగ ముందు ఆ చీపుళ్ళని మత్తులో పడేసి, తర్వాత రాలగొడుతుంది. ఊడ్చేవాడు లేడు, పైగా కఫం చేసే గ్రంథులు వాచి రెట్టింపు పనిచేస్తాయి. పొగ తగిలిన చోటల్లా వాపు, వాపు మానిన చోట మచ్చ, మచ్చ పడ్డ చోట గోడ మందం. గొట్టం ఇరుకు.

"అది సగం" అంది. మిగతా సగం గొట్టాల చివర ఉండే గాలి తిత్తులట. బుడగల్లాంటి ఆ తిత్తుల మధ్య గోడలు తెగిపోయి, పది చిన్న గదులు కలిసి ఒక పాడుబడ్డ కొట్టం అవుతాయి. వాటికుండే సాగుడు పోతుంది. సన్న గొట్టాలని తెరిచి పట్టుకునేది ఆ సాగుడే. అది లేకపోతే ఊపిరి వదిలేటప్పుడు గొట్టాలు మూతపడతాయి. లోపలికి వెళ్ళిన గాలి బయటికి రాదు. పాత గాలి నిండి ఉన్న ఛాతీలోకి కొత్త గాలి ఎలా పడుతుంది?

నేను బావ ఛాతీ చూశాను. పీపాలాగా ఉబ్బి ఉంటుంది ఆయనది. బలం అనుకునేవాళ్ళం. బజార్లో ఎవరితోనైనా తగాదా వస్తే ఆ ఛాతీ చూసే సగం మంది వెనక్కి తగ్గేవాళ్ళు. అది బలం కాదు, బయటికి రాలేని పాచి గాలి.

"పోయింది మళ్ళీ వస్తుందా అండీ?" అన్నాను.

"తెగిన గోడలు రావు. వయసుతో అందరికీ ఊపిరి కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. తాగేవాళ్ళలో చాలా మందికి అది పరిగెత్తుకుంటూ తగ్గుతుంది. మానేస్తే మళ్ళీ నడకలోకి వస్తుంది. ఆ పరుగుని ఆపడానికి నా దగ్గరున్న వాటిలో అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు. పీల్చే మందులు ఆయాసం తగ్గిస్తాయి, జబ్బు ముదిరి ఆసుపత్రి పాలయ్యేది తగ్గిస్తాయి. మీరు తాగుతూ నా మందు పీలిస్తే మాత్రం ఒక చేత్తో ఆర్పుతూ ఇంకో చేత్తో ముట్టించినట్టు."

బయటికి వచ్చాక బావ జేబులోంచి పెట్టె తీశాడు. అదే జేబు, జేబురుమాలు పెట్టుకున్న జేబు. ఒకటి నాకు చాపాడు. తడిసి ఉందో లేదో నాకు తెలియదు, చూడలేదు. వద్దన్నాను. ధైర్యం కాదు, అసహ్యం. నేను మానేసింది దాంతోనే.

మానేస్తే బాగుంటుందనుకున్నాను. రెండో వారానికి నాకు దగ్గు ఎక్కువైంది. పొద్దున్నే లేవగానే వాష్‌బేసిన్ దగ్గర అరగంట. బూడిద రంగు, జిగురు, తీగలు తీగలు. ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచుకున్నానో. మా ఆవిడ తలుపు బయటనించి, "ఏవండీ, ఇంకో బేసిన్ పెట్టించండి, నేను పళ్ళు తోముకోవాలి" అనేది. ఆ వాష్‌బేసిన్ నేనే కడిగేవాణ్ణి. ఆమె చేత కడిగించడానికి మొహం చెల్లలేదు.

సరిగ్గా అప్పుడు బావ ఫోన్ చేశాడు. నా దగ్గు వింటూనే ఆయన గొంతులో వెలుగు.

"చెప్పానా? పొగ పడకపోతే కఫం లోపల గడ్డ కడుతుందిరా. పొద్దున్నే ఒకటి తాగు, కరిగి జారిపోతుంది. నేను మూడ్రోజులు మానేశాను, చచ్చినంత పనయ్యింది. మళ్ళీ ముట్టించాక హాయిగా ఉంది."

ఇది మా బల్లల దగ్గర ప్రతివాడూ నమ్మే మాట. పొద్దున పొగ పీల్చి దగ్గి ఉమ్మితే లోపల శుభ్రమైనట్టు లెక్క. నేనూ ముప్ఫై ఏళ్ళు అలాగే శుభ్రపడ్డాను. ఆ పూట బడ్డీ కొట్టు దాకా వెళ్ళాను. కొట్టువాడు నన్ను చూసి అడక్కుండానే ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. దాని పక్కన నిలబడి దగ్గాను. చాలాసేపు. కొట్టువాడే మొహం తిప్పుకున్నాడు. తాగితే ఈ దగ్గు ఆగుతుందని నాకు తెలుసు. అదే నన్ను ఆలోచింపజేసింది. దాన్ని అక్కడే వదిలేసి గుడివాడ ఫోన్ చేశాను.

ఆ గట్టి గొంతు అమ్మాయే ఎత్తింది. డాక్టరమ్మని కనుక్కుని చెప్పింది. "చీపుళ్ళు మళ్ళీ లేస్తున్నాయటండీ. ఇన్నేళ్ళ చెత్త ఊడుస్తున్నాయి. కొన్ని వారాలు ఇలాగే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. ఇప్పుడు మీరొకటి తాగితే ఊడ్చేవాడిని మళ్ళీ పడుకోబెట్టినట్టు. దగ్గు అందుకే ఆగేది. కఫం పచ్చగా చిక్కబడినా, జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా, రక్తం కనపడినా మాత్రం ఆగకుండా రండి."

ఈ మాట బావకి ఫోన్లో చెప్పాను. "చీపుళ్ళా? గుడివాడ నించి తెచ్చావా?" అన్నాడు. ఆయన సరదా మనిషని ఊరంతా అంటుంది. నాకు మాత్రం ఆ రోజు ఆయన సరదా ఎలా ఉందంటే, ఎంగిలి గ్లాసులో పోసిన టీలాగా ఉంది.

నాకు దగ్గు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా మా కొట్లో కిరసనాయిలు దీపం తీసేసి గ్యాస్ టార్చి పెట్టుకున్నాను, గోడకి పొగ లాగేసే ఫ్యాను బిగించాను. సిగరెట్ మానేసి దీపం మసి పీలిస్తే ఉపయోగమేముందని డాక్టరమ్మ ఆ రోజే అడిగింది. ఇంట్లో దోమల కాయిల్ కూడా మానేసి దోమతెర కట్టుకున్నాం. ఫ్లూ సూది, న్యుమోనియా సూది వేయించుకున్నాను, ఎందుకంటే ఒక్కో జ్వరం ఒక్కో మెట్టు కిందకి దింపుతుందట, దిగిన మెట్టు మళ్ళీ ఎక్కడం కష్టమట. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక. మందు రోజూ పీల్చి నోరు పుక్కిలించడం. ఇదంతా చేస్తూ నన్ను చూసి నాకే నవ్వొచ్చేది, పెళ్ళికొడుకు కూడా ఇన్ని సేవలు చేయించుకోడు.

బావకీ అదే మందు ఇచ్చారు. గొట్టం మాత్రలు, చిన్న యంత్రంలో పెట్టి లోపలి పొడిని పీల్చేవి. నెలకి చూడబోతే, అక్క ఒక గొట్టం మాత్రా, కాఫీ గ్లాసూ పట్టుకొచ్చి ఆయనకిచ్చింది. ఆయన గుటుక్కున మింగాడు.

"ఎన్నాళ్ళ నించి ఇలా?" అన్నాను.

"ఇచ్చిన రోజునించీ. ఏం పనిచెయ్యట్లేదురా ఈ మందు."

"బావా, అది పీల్చాలి. నువ్వు నెల నించీ ఊపిరితిత్తుల మందుతో కడుపు బాగుచేసుకుంటున్నావ్."

"మరి ఆ ప్లాస్టిక్ ముక్కేంటి?"

ఆ ప్లాస్టిక్ ముక్క కిటికీలో సాలెగూడు పట్టి ఉంది. కడిగి ఆరబెట్టి నేర్పాను. నేర్చుకున్నాడు. కానీ మందు పీల్చిన గంటకి చిప్ప ముందుకి లాక్కునేవాడు. ఆ ఏడాది వానల్లో ఒకసారి, చలికాలం ఒకసారి, ఛాతీలో నెమ్ము చేసి ఆసుపత్రిలో పడుకున్నాడు. ప్రతిసారీ వచ్చాక ఒక మెట్టు కింద. ఆయన నడక మొదట దొడ్డి దాకా, తర్వాత వసారా దాకా, తర్వాత మంచం దాకా.

ఏడాదికి మళ్ళీ గుడివాడ వెళ్ళాం. ఈసారి బావని కారులో తీసుకెళ్ళాను. ఆసుపత్రి ముందు దిగాక సిగరెట్ తాగలేదు, ఆ పూట తాగే ఊపిరి లేదు. ఆ అమ్మాయి ఇద్దర్నీ ఊదించింది. ఈసారి బావ క్లిప్పు పీకలేదు. ఊదడం మొదలెట్టి సగంలో దగ్గి ఆపేశాడు. మూడోసారికి గీత పూర్తిగా వచ్చింది.

డాక్టరమ్మ నాలుగు కాగితాలు బల్ల మీద పరిచింది. నావి రెండు, ఆయనవి రెండు. నా రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పెడితే వేలు పట్టేంత సందు కూడా లేదు. బావవి మాత్రం అలా లేవు. కొత్త గీత పాత గీత కింద చచ్చిన పాములాగా పడుంది. "ఒక్క ఏడాది కాగితం చూసి తేల్చెయ్యకూడదు. కానీ దారి ఎటో కనపడుతోంది" అంది.

"నాదేం పెరగలేదుగా అండీ" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. ఏడాదంతా చేసిన సేవలకి ఉన్నచోటే ఉన్నానా?

"ఉన్నచోట ఉండటమే మీకు గెలుపు" అంది.

బావ తన కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. చదువుకున్న మనిషి కాదు, గీత మాత్రం తెలుసు. సన్న వైరు వంగితే పావు మిల్లీమీటరు దగ్గర పట్టేసే కళ్ళు ఒకప్పుడు. నావి కూడా లాక్కుని పక్కన పెట్టుకున్నాడు. డాక్టరమ్మని అడిగాడు.

"ఇప్పుడు మానేసినా లాభముందా అమ్మా? నాకు?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బల్ల దగ్గర ఎన్ని జుంకీలు ముద్ద చేసినా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఎప్పుడూ ఏదీ అడగలేదు కూడా.

"ఉంది. మిగిలినది మీదే. మానితే అది నిదానంగా పోతుంది" అంది. తర్వాత ఒక పెదాల ఊపిరి నేర్పింది. ముక్కుతో పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు గుండ్రంగా పెట్టి, మెల్లగా, పీల్చినదానికి రెండింతల సేపు వదలాలి. అలా వదిలితే వెనక నించి గాలి నొక్కుడు తగిలి గొట్టాలు మూతపడకుండా నిలుస్తాయి, పాచి గాలి బయటికి వస్తుంది. "ఎదురుగా దీపం ఉందనుకోండి. మంట వంగాలి గానీ ఆరకూడదు."

బావ ఊదాడు. బుగ్గలు ఉబ్బించలేదు. మంట లేదు గానీ నాకు కనపడింది. ఒక్కసారి కూడా కదల్లేదు.

"ఇంత బాగా ఎవరూ ఊదలేదండీ" అంది డాక్టరమ్మ. బావ నా వైపు చూడలేదు.

ఇంటికి చేరాక మంచం మీద కూర్చుని, పెదాలు గుండ్రంగా పెట్టుకుని కాసేపు ఊపిరి సర్దుకున్నాడు. తర్వాత కాలితో చిప్పని నా వైపు నెట్టాడు.

"పారేసిరా. మీ అక్క కడగక్కర్లేదు ఇంక."

నేను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి చాచి దొడ్లోకి నడిచాను. అంచున తడి, వేలికి జిగురు తగిలింది. కొత్తగా ఎండిన ఉమ్మి మీద ఈగలు నాతోపాటే వచ్చాయి. గోతిలో వేశాను. పీకలు తడిసి ఉన్నాయి, అయినా పొగాకు వాసన పైకి లేచింది. అసహ్యం వేసింది. అంతలోనే నోట్లో నీళ్ళూరాయి. ఛీ. రెండూ ఒకేసారి. గబగబా మట్టి కప్పాను.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి బావ దిండు కింద చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. చేతికి పెట్టె తగిలింది. తీశాడు. ఇద్దరం దాన్ని చూశాం.

"ఇది కూడా తీస్కెళ్ళు" అన్నాడు. "త్వరగా."